లంగోటీనా, డైపరా: పసిబిడ్డ మొదటి రెండు నెలల లెక్కలు

హైదరాబాద్‌లో మూడో అంతస్తు ఫ్లాట్, బోరు నీళ్ళు, అవి చాలనప్పుడు ట్యాంకరు, ఉత్తరం వైపు చిన్న బాల్కనీ, జూలైలో పుట్టిన పాప. కింది అంకెలన్నీ ఈ పరిస్థితులకు చెందినవే. ఎండ బాగా తగిలే డాబా ఉన్నవారికి నాలుగో దశ అవసరం ఉండదు. మంజీర నీళ్ళు వచ్చే ఇళ్ళవారు మూడో దశలో సగం వదిలేయవచ్చు.

## దశ 0: సరంజామా, కొలిచే పద్ధతి

కొన్నవి, కుట్టించినవి:

1. రెండు పొరల మల్లు గుడ్డతో కుట్టి, నాడాలు పెట్టిన లంగోటీలు 24. ఒక్కోటి 45 రూపాయలు, మొత్తం 1,080.
2. అత్తయ్యగారు తెచ్చిన పాత పంచెలతో కుట్టించిన లంగోటీలు 16. కుట్టుకూలి 160.
3. పక్క మీద పరిచే డ్రై షీట్లు 3. మొత్తం 660.
4. మూత ఉన్న బకెట్టు, లోపల పట్టే జల్లెడ బుట్ట. 350.

కొలవడానికి వంటింట్లో ఉన్న ఒక గ్రాము తేడా చూపే త్రాసు, 20 లీటర్ల బకెట్టు, మందు సీసాతో వచ్చిన కొలగ్లాసు చాలాయి. మూత్రం ఒక గ్రాము దాదాపు ఒక మిల్లీలీటరు కాబట్టి తడిసిన గుడ్డ బరువులోంచి పొడి గుడ్డ బరువు తీసేస్తే పాప ఎంత పోసిందో తెలుస్తుంది. వాషింగ్ మెషీన్ ఎంత నీరు వాడుతుందో కంపెనీ కాగితంలో చూడలేదు. నీళ్ళు బయటికి వదిలే గొట్టాన్ని బకెట్టులో పెట్టి, నిండినప్పుడల్లా గీత గీశాను. ముందు మూత ఉన్న ఏడు కిలోల మెషీన్ మామూలు ఉతుకుకు 56 లీటర్లు, అదనపు జాడింపుతో 72 లీటర్లు వదిలింది.

నీటి ధర మా ట్యాంకరు బిల్లు ప్రకారం వేశాను. 5,000 లీటర్లకు 900 రూపాయలు, అంటే లీటరు 18 పైసలు.

ఇప్పటివరకు ఖర్చు: 2,250 రూపాయలు.

## దశ 1: మొదటి వారం

పుట్టిన రెండు మూడు రోజులు వచ్చే విరేచనం నల్లగా, తారులా జిగటగా ఉంటుంది. గుడ్డకు అంటిందంటే ఏ సబ్బుకూ పోదు. కొత్త లంగోటీలు పాడు చేసుకోవడం ఎందుకని, చిరిగి పారేయడానికి సిద్ధంగా ఉన్న పంచె ముక్కలు వాడాం. శుభ్రం చేశాక ప్రతిసారీ పాప పిరుదులకు పలచగా కొబ్బరి నూనె రాస్తే తరువాతి విరేచనం తడి దూదితో ఒక్క తుడుపుకే వచ్చింది.

ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ, ఇంటికి వచ్చాక రాత్రుళ్ళూ కలిపి పక్కన అతుకు పట్టీలుండే డైపర్లు 20 వాడాం. చిన్న సైజుది ఒక్కోటి 9 రూపాయలు. ఇక్కడొక చిక్కు వచ్చింది. పాలు చాలుతున్నాయా లేదా అని తేల్చుకోవడానికి డాక్టరు అడిగే మొదటి ప్రశ్న రోజుకు ఎన్నిసార్లు మూత్రం పోసిందని. అయిదో రోజు దాటాక కనీసం ఆరుసార్లు ఉండాలి. ఆ వయసులో ఒక్కసారికి వచ్చేది పది, పదిహేను మిల్లీలీటర్లే. డైపర్ దాన్ని మింగేసి పైకి పొడిగానే కనిపిస్తుంది. మధ్యలో ఉండే పసుపు గీత నీలంగా మారి తడిసిందని చెబుతుంది కాని, ఒకసారి తడిసిందా, మూడుసార్లా అన్నది చెప్పదు. లంగోటీతో ఆ ఇబ్బంది లేదు, తడిసిన ప్రతిదీ లెక్కలోకి వస్తుంది. అందుకే మూడో రోజునుంచే పగలంతా గుడ్డకు మారాం. తెల్ల గుడ్డ మీద ఇటుకపొడి రంగు మరక మొదటి రోజుల్లో ఒకటి రెండుసార్లు కనిపిస్తే అది చిక్కటి మూత్రంలోని యూరేట్ స్ఫటికాలు. అదే మరక నాలుగైదు రోజుల తరువాత కూడా వస్తుంటే పాలు చాలడం లేదేమోనని చూపించుకోవాలి. ఈ మరకను డైపర్‌లో పోల్చుకోవడం కష్టం.

బొడ్డు ఊడేదాకా డైపరైనా లంగోటీ అయినా పైఅంచును బొడ్డు కిందికి మడవాలి. తడి గుడ్డ బొడ్డుకు ఒరుసుకోకూడదు, గాలి తగలాలి.

ఖర్చు: 2,250 + 180 = 2,430.

## దశ 2: రెండో వారం, మొత్తం గుడ్డే

రోజుకు సగటున 18 లంగోటీలు మారాయి. ప్రతి ఉదయం పని ఇలా సాగింది:

1. విరేచనం అంటినవాటిని మరుగుదొడ్డిలోకి మగ్గు నీటితో దులపడం.
2. అన్నిటినీ చన్నీటిలో జాడించడం. వేడినీళ్ళు మొదటే పోస్తే విరేచనంలోని మాంసకృత్తులు గుడ్డకు పట్టుకుని మరక స్థిరపడుతుంది.
3. పిండి, జల్లెడ బుట్టలో వేయడం. నానబెట్టి ఉంచితే మధ్యాహ్నానికే అమ్మోనియా వాసన కొట్టింది.
4. మిగతా పసిబట్టలతో కలిపి మెషీన్‌లో వేయడం.

చేతితో జాడించడానికి 30 లీటర్లు, మెషీన్‌కు 56, కలిపి రోజుకు 86 లీటర్లు. పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్ల నీరు సరఫరా కావాలని మన దేశంలో ప్రణాళికలకు పెట్టుకున్న ప్రమాణం. మూడు కిలోల మనిషి అందులో సగానికి పైగా గుడ్డలకే వాడేసింది.

ఇంత నీరు ఎక్కడికి పోతోందని మెషీన్‌లో వేసే ముందు ఒక రోజు బట్టలన్నీ రకాలవారీగా తూచాను. పొడిగా ఉన్నప్పటి బరువులతో లెక్కగడితే మొత్తం 2.7 కిలోలు వచ్చింది. అందులో లంగోటీలు 18, ఒక్కోటి 16 గ్రాములు, అంతా కలిపి 288 గ్రాములు. అంటే తొమ్మిదో వంతు. మిగిలిందంతా దుప్పట్లు, డ్రై షీట్లు, పొత్తిగుడ్డలు, జుబ్బాలు, మా ఆవిడ నైటీ. మేము ఉతుకుతున్నది లంగోటీలను కాదు, లంగోటీ పట్టుకోలేక వదిలేసిన తడిని.

రెండు పొరల లంగోటీ ఎంత పట్టుకుంటుందో ఆ రాత్రి చూశాను. లీటరు నీటికి తొమ్మిది గ్రాముల ఉప్పు కలిపి కొలగ్లాసుతో పోస్తూ, ప్రతిసారీ పైన టిష్యూ కాగితం మడత పెట్టి అరచేతితో నొక్కాను. పదిహేను మిల్లీలీటర్లకే టిష్యూ నానింది. ముప్పై దాటగానే అడుగునుంచి కారింది. పాప ఒక్కసారి పోసేది పదిహేను, ఇరవై. కుడివైపు ఒత్తిగిలి పడుకుంటే తడి అంతా ఒకే మూలకు చేరుతుంది కాబట్టి అది కూడా పట్టదు. దుకాణంలో అమ్మే లంగోటీ తడిని పీల్చే గుడ్డ కాదు, తడిసిందని చెప్పే గుడ్డ.

దానికి మందు అత్తయ్యగారి దగ్గరే దొరికింది. "లోపల పట్టీ పెట్టకుండా ఒట్టి లంగోటీ కడితే పక్క తడవక ఏమవుతుంది బాబూ?" అన్నారు. పాత పంచె ముక్కను ఎనిమిది మడతలుగా, నాలుగు వేళ్ళ వెడల్పున మడిచి లంగోటీ మధ్యలో పెట్టడమే ఆ పట్టీ. ఉప్పునీటి పరీక్షలో పట్టీతో కలిపి 70 మిల్లీలీటర్ల దాకా కారలేదు. ఆడపిల్లకు పట్టీ మధ్యకు, మగపిల్లాడికి ముందుకు జరపాలి. మరునాటినుంచి దుప్పట్లు సగానికి తగ్గాయి. ఉతికే బట్టల బరువు 1.7 కిలోలకు దిగింది.

ఖర్చు: రోజుకు నీరు 15.50, కరెంటు 2, డిటర్జెంట్ 8. వారానికి సుమారు 180. మొత్తం 2,610. నీరు: 602 లీటర్లు.

## దశ 3: మూడో వారం, ఎర్రటి దద్దుర్లు

పిరుదుల మీద, పొత్తికడుపు కింద ఎర్రబడింది. గుడ్డ కడితే దద్దుర్లు రావని చుట్టుపక్కల అందరూ చెప్పిన మాట. కారణం వెతకడానికి ముందు ఎక్కడ ఎర్రగా ఉందో చూడాలి. గుడ్డకు ఆనుకునే ఎత్తు భాగాలు ఎర్రబడి, తొడ మడతల లోపల చర్మం మామూలుగా ఉంటే అది తడి, రాపిడి, సబ్బుల వల్ల వచ్చినది. మడతల లోపలే ముదురు ఎరుపుగా ఉండి, అంచుల చుట్టూ చిన్న చిన్న ఎర్ర చుక్కలు విడిగా కనిపిస్తే శిలీంధ్రం చేరిందని అర్థం, దానికి డాక్టరు ఇచ్చే మందే వాడాలి. నీటి పొక్కులు, చీము కనిపించినా వెంటనే చూపించాలి. ఈ వయసులో ఒళ్ళు 38 డిగ్రీల సెల్సియస్‌కు చేరితే దద్దురు సంగతి పక్కన పెట్టి అప్పుడే ఆసుపత్రికి వెళ్ళాలి.

మాది మొదటి రకం. నడుము దగ్గర నాడా కింద కూడా సన్నని ఎర్ర చార ఉంది. అక్కడికి మూత్రం చేరదు. కాబట్టి అనుమానం గుడ్డ మీదికి మళ్ళింది.

రెండు చిన్న పరీక్షలు చేశాను, ఎవరైనా చేసుకోవచ్చు.

మొదటిది: ఉతికి, ఆరి, మడత పెట్టిన లంగోటీని గిన్నెడు గోరువెచ్చని మంచినీటిలో వేసి చేత్తో బాగా కలియబెట్టాను. నీళ్ళు తెల్లబారాయి, అంచున నురగ వచ్చింది, వేళ్ళకు జారుడు తగిలింది. అంటే డిటర్జెంట్ గుడ్డలోనే ఉంది. తడిసినప్పుడల్లా అది పాప చర్మానికి అంటుతోంది.

రెండోది: రెండు సీసాల్లో ఒకదానిలో బోరు నీళ్ళు, మరొకదానిలో ఫిల్టరు నీళ్ళు సగం పోసి, రెండింటిలో ఒకే పరిమాణంలో సబ్బు తురుము వేసి ఊపాను. ఫిల్టరు నీళ్ళ సీసా మెడదాకా నురగ నిండింది. బోరు నీళ్ళలో నురగ లేదు, విరిగిన పాలలా తెల్లటి తుక్కు తేలింది. కఠిన జలంలో ఉన్న కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి చేసే తుక్కు అది. నీళ్ళలో కరగదు, గుడ్డ పోగుల్లో ఇరుక్కుంటుంది. ఆరాక లంగోటీలు అప్పడాల్లా బిరుసెక్కడానికి కారణం అదే. ఆ బిరుసు అంచే నడుము దగ్గర ఒరుసుకుంది.

మార్చినవి:

1. మరకలకు రుద్దుతున్న సబ్బు బిళ్ళ మానేశాం. సువాసన లేని ద్రవ డిటర్జెంట్, అదీ ముందు వాడిన దానిలో సగమే.
2. మెషీన్‌లో ఒక చెంచా చాకలి సోడా చేర్చాం. నీటి కాఠిన్యాన్ని అది విరుస్తుంది.
3. బట్టలు మెత్తబడేందుకు పోసే సువాసన ద్రావణం తీసేశాం. అది పోగుల మీద పొరలా పరుచుకుని పీల్చే గుణాన్ని చంపుతుంది.
4. చివరి జాడింపులో యాంటీసెప్టిక్ ద్రావణం చుక్కలు వేయమని వచ్చిన సలహాను పక్కన పెట్టాం. జాడింపు తరువాత గుడ్డలో ఏ మందూ మిగలకూడదన్నదే కదా మా తంటా.
5. అదనపు జాడింపు మీట శాశ్వతంగా నొక్కేశాం. రోజుకు 16 లీటర్లు పెరిగింది.

చర్మానికి డాక్టరు సలహాతో జింక్ ఆక్సైడ్ లేపనం రాశాం. గుడ్డ వాడేవారు ఒకటి గమనించాలి: ఆ లేపనం గుడ్డకు అంటితే అక్కడ నీరు ఇంకదు, పక్కకు జారుతుంది. లేపనం రాసినప్పుడు పైన పలచటి పాత గుడ్డ ముక్క ఒకటి వేసి, దాన్ని విడిగా ఉతికాం. టాల్కం పౌడరు జోలికి మాత్రం వెళ్ళలేదు. అది గాలిలో లేచి పసిబిడ్డ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తడిలో ముద్దకట్టి మడతల్లో రాపిడి పెంచుతుంది.

విరేచనం చర్మం మీద ఎంతసేపు ఉంటుందన్నదే అన్నిటికన్నా పెద్ద విషయమని ఈ వారం అర్థమైంది. మూత్రం ఒక్కటే అయితే చర్మం కొంతసేపు ఓర్చుకుంటుంది. దానికి విరేచనం తోడైతే అందులోని సూక్ష్మజీవులు మూత్రంలోని యూరియాను అమ్మోనియాగా విరుస్తాయి, క్షారగుణం పెరుగుతుంది, ఆ క్షారంలో విరేచనంలోని ఎంజైములు చురుకై చర్మాన్ని తింటాయి. గుడ్డకైనా డైపర్‌కైనా ఇదే వరుస. డైపర్ తడిని దూరంగా లాగుతుంది కాని విరేచనాన్ని లాగలేదు.

వారం తిరిగేలోపు ఎరుపు తగ్గింది. నడుము చార అన్నిటికన్నా ముందు పోయింది.

ఖర్చు: రోజుకు నీరు 18, కరెంటు 2, డిటర్జెంట్ 4, వారానికి 168. లేపనం 130. మొత్తం 2,908. నీరు: రోజుకు సుమారు 100 లీటర్లు, మొత్తం 1,302. డాక్టరు ఫీజు కలపలేదు.

## దశ 4: నాలుగో వారం, ముసురు

ఉతకడం కాదు, ఆరడం అసలు గండం. ముసురు పట్టిన రోజున బాల్కనీలో ఉదయం వేసిన లంగోటీ చీకటి పడేదాకా ఆరలేదు. చేతికి ఆరినట్టే ఉంటుంది, త్రాసు మాత్రం ఒప్పుకోదు. పొడి బరువు 16 గ్రాములు, మెషీన్ పిండాక 27, సాయంత్రానికి 19. ఆ మూడు గ్రాములూ అంచుల మడత కుట్టులోనూ నాడాల మొదట్లోనూ దాక్కున్నవి. అలాగే మడిచి పెడితే తెల్లారేసరికి ముక్కిపోయిన వాసన. ఆ చెమ్మ గుడ్డను పాపకు కట్టడం అంటే తడి లంగోటీ కట్టినట్టే.

ఆరబెట్టే యంత్రం కొనాలా అన్న ఆలోచన ఒక పూట సాగింది. బ్రిటన్‌లో పర్యావరణ సంస్థ 2008లో గుడ్డ న్యాపీలను డైపర్లతో పోల్చి చేసిన అధ్యయనం తేల్చింది కూడా ఇదే: బయట తీగ మీద ఆరబెట్టి, మెషీన్ నిండా వేసి ఉతికితే గుడ్డది పైచేయి, ప్రతిసారీ డ్రయ్యర్‌లో వేస్తే డైపర్ కన్నా అధ్వానం. డబ్బు మాట అటుంచినా కొనబుద్ధి కాలేదు.

బదులుగా ఒకే రోజు ఉతికిన మూడు రకాలను గదిలో ఫ్యాన్ కింద పక్కపక్కనే ఆరేసి గంట గంటకూ తూచాను. రెండు పొరలు కలిపి కుట్టిన లంగోటీ అయిదు గంటలు తీసుకుంది. బహుమతిగా వచ్చిన గుడ్డ డైపర్ లోపలి మందపాటి ప్యాడ్ రాత్రంతా తీసుకుంది. కుట్టులేని ఒంటిపొర పంచె ముక్క రెండు గంటల్లో ఆరింది. పాతకాలంలో లంగోటీ కుట్టకుండా ఒట్టి గుడ్డను మడిచి ఎందుకు కట్టేవారో త్రాసు చూపించింది. కట్టేటప్పుడు ఎన్ని పొరలైనా కావచ్చు, ఆరేటప్పుడు ఒక్క పొరే ఉండాలి.

దాంతో ఇంకో రెండు పాత పంచెలను 60 సెంటీమీటర్ల చదరాలుగా చింపి 24 ముక్కలు చేశాం. కట్టే తీరు:

1. చదరాన్ని మూలకు మూల కలిపి త్రికోణంగా మడవాలి.
2. మధ్యలో పట్టీ పెట్టాలి. ఇంకో చదరాన్నే మడిచి పట్టీగా వాడవచ్చు.
3. పాపను పడుకోబెట్టి కింది మూలను కాళ్ళ మధ్యనుంచి పైకి తీసి, బొడ్డు కింద ఆపాలి.
4. రెండు పక్క మూలలను ముందుకు తెచ్చి, పక్కకు వచ్చేలా ఒక్క ముడి వేయాలి. పిన్నీసు వద్దు.
5. నడుము దగ్గర రెండు వేళ్ళు దూరాలి.

చింపిన అంచులను వదిలేయకూడదు. పోగులు ఊడతాయి. ఊడిన పోగు పసిబిడ్డ కాలివేలికి చుట్టుకుని బిగిస్తే రక్తం ఆగిపోయే ప్రమాదం ఉంది. ఊరికే ఏడుస్తున్నప్పుడు కాలివేళ్ళు కూడా చూడాలి. అందుకే అంచులు సన్నగా ఒక్క మడతతో కుట్టించాం, ఆ కుట్టు ఆరడానికి అంత అడ్డు రాలేదు.

గదిలో పెట్టే మడత స్టాండు ఒకటి కొన్నాం, 1,450. ఫ్యాన్ కిందికి అది లేకపోతే కుదరలేదు.

ఎన్ని ముక్కలు ఉండాలి అన్నదానికి కూడా ఇప్పుడు ఒక సూత్రం దొరికింది. రోజుకు మారేవి, పూర్తిగా ఆరడానికి పట్టే రోజులు, ఈ రెండూ గుణించి ఆరు కలపాలి. మబ్బు రోజుల్లో మాకు 18 × 2 + 6 = 42. ఎండ ఉంటే 24 చాలు. ముందే వంద కొనడం దండగ.

బహుమతిగా వచ్చిన ఆ గుడ్డ డైపర్ గురించి నాలుగు మాటలు. బయట నీరు కారని పూత, లోపల ప్యాడ్, సైజు సర్దుకునే బొత్తాలు. పెట్టె మీద మూడు కిలోలనుంచి అని ఉంది. మూడున్నర కిలోల పాపకు అన్ని బొత్తాలూ బిగించినా తొడ దగ్గర వేలు దూరేంత సందు మిగిలింది, పలచటి విరేచనం అంతా ఆ సందులోంచే వచ్చింది. కొత్త నూలు ప్యాడ్ మీద నీటి చుక్క వేస్తే ముత్యంలా నిలబడింది, నాలుగైదు ఉతుకుల తరువాతే ఇంకడం మొదలైంది. పాప తొడలు నిండాక మళ్ళీ చూడాలని అటక మీద పెట్టాం.

ఖర్చు: 168 + 1,450. మొత్తం 4,526. నీరు: 2,002 లీటర్లు.

## దశ 5: అయిదో వారం, మొత్తం డైపర్లే

పోల్చాలంటే ఒక వారం పూర్తిగా అటు ఉండాలి. రోజుకు సగటున పది మారాయి. తీసిన ప్రతి డైపర్‌నూ చుట్టి తూచాను, ఇంట్లోవాళ్ళ ముఖాలు చూడకుండా.

పొడి డైపర్ 19 గ్రాములు. వాడింది సగటున 68. అంటే లోపలికి చేరినది 49 గ్రాములు, విరేచనంతో కలిపి. మరి అది ఎంత పట్టగలదు? ఉప్పునీటి పరీక్షలో 120 మిల్లీలీటర్లు పోసి నొక్కినా టిష్యూ బరువు ఒక గ్రాము కూడా పెరగలేదు. మామూలు నీటితో చేసి చూస్తే అంకె ఇంకా బాగా పెరిగింది, కాని ఆ అంకె పనికిరాదు. లోపలి జెల్ పొడి ఒట్టి నీటిని పీల్చినంతగా ఉప్పు కలిసిన నీటిని పీల్చదు, మూత్రంలో ఉప్పు ఉంటుంది. ప్రకటనల్లో నీలిరంగు నీళ్ళు పోసి చూపించేటప్పుడు ఇది గుర్తుంచుకుంటే మంచిది.

మొత్తం మీద డైపర్ పట్టగలిగినదానిలో సగం కూడా వాడకుండానే పారేశాం. తల్లిపాలు తాగే నెల బిడ్డ పాలు తాగిన ప్రతిసారీ కొంచెం విరేచనం చేస్తుంది, విరేచనం చేశాక మార్చక తప్పదు. నిండి మార్చినవి రాత్రివి మాత్రమే. పెద్దపిల్లల విషయంలో డైపర్ ధర గంటలతో లెక్కవేయవచ్చు, పసిగుడ్డుకు విరేచనాల లెక్కనే పడుతుంది.

చర్మం విషయానికొస్తే తడి తక్కువ, తొడ చుట్టూ రబ్బరు అంచు గుర్తు ఎక్కువ. లోపలి రెండు వరుసల జాలరు అంచులను ప్రతిసారీ వేలితో బయటికి లాగకపోతే గుర్తు పడటమే కాదు, కారుతుంది కూడా. ఒకసారి చర్మం మీద చిన్న జెల్ పూసలు కనిపించాయి. లోపలి పొర చిరిగితే వస్తాయి. భయపడనక్కరలేదు, తడి గుడ్డతో తుడిచి ఆ డైపర్ మార్చేస్తే సరి.

ఉతుకు పూర్తిగా పోలేదు. కక్కిన పాలు, జుబ్బాలు, పొత్తిగుడ్డలు ఉండనే ఉన్నాయి. వారంలో నాలుగుసార్లు మెషీన్ తిరిగింది, 224 లీటర్లు.

చెత్త వారానికి 4.8 కిలోలు. 2016 నాటి ఘనవ్యర్థాల నిర్వహణ నియమాలు వాడిన డైపర్‌ను సంచిలోనో కాగితంలోనో గట్టిగా చుట్టి పొడిచెత్త డబ్బాలో వేయమన్నాయి. ముందుగా విరేచనాన్ని మరుగుదొడ్డిలో దులిపి, డైపర్‌ను దాని పట్టీలతోనే బిగించి, పాత వార్తాపత్రికలో చుట్టి విడి సంచిలో పెట్టాం. దాన్ని చేత్తో ఏరే మనిషి ఉంటాడు. డైపర్‌ను మరుగుదొడ్డిలో మాత్రం వేయకూడదు, జెల్ ఉబ్బి గొట్టం మూసుకుపోతుంది.

ఖర్చు: డైపర్లు 70, 630 రూపాయలు. ఉతుకు 64. మొత్తం 5,220. నీరు: 2,226 లీటర్లు.

శ్రమ లెక్క కూడా ఈ వారమే తేలింది. గుడ్డ రోజుల్లో జాడించడం, ఆరేయడం, మడవడం, పాపకు మార్చడం, పక్క మార్చడం అన్నీ కలిపి గంటన్నర పైమాటే. డైపర్ల వారంలో అరగంట లోపు. రాత్రి లేవడం ఇందులో కలపలేదు. పాలకు ఎలాగూ లేవాలి, కాని దుప్పటి మార్చి మళ్ళీ నిద్రపోవడం, మార్చకుండా నిద్రపోవడం ఒకటి కావు. గుడ్డకు ఖర్చు లేదనే మాట చాలా ఇళ్ళలో వినిపిస్తుంది. ఆ గంటన్నర బాలింతదో, ఆమె తల్లిదో అయినప్పుడు అది ఎవరి పద్దులోనూ పడదు. మా ఇంట్లో ఉదయం జాడింపు నాది, మడతలు అత్తయ్యగారివి. మా ఆవిడకు మొదటి నెల నీళ్ళ పని పెట్టలేదు.

పెట్టుబడి తిరిగి వచ్చే కాలం కూడా ఇక్కడే వేయవచ్చు. డైపర్ల వారంలో రోజుకు 99 రూపాయలు, గుడ్డ వారంలో 24. తేడా 75. స్టాండు కలపకపోతే 2,250 రూపాయలు నెల రోజుల్లో, కలిపితే 3,700 రూపాయలు దాదాపు యాభై రోజుల్లో వెనక్కి వస్తాయి. ఎండ ఉన్న ఊళ్ళో, ఇంట్లో పాత పంచెలు ఉన్నవారికి ఇంకా ముందే.

## దశ 6: ఆరో వారంనుంచి, ఇప్పటికీ సాగుతున్నది

అయిదో వారం తూకాలే దారి చూపాయి. డైపర్ సత్తా నిజంగా ఉపయోగపడేది రాత్రి. విరేచనం మీద విరేచనం వచ్చే పగటివేళ దానికి తొమ్మిది రూపాయలు పెట్టడం దండగ. దుప్పట్లు తడిసేది కూడా ఎక్కువగా రాత్రే.

ఇప్పుడు నడుస్తున్న పద్ధతి:

1. ఉదయం స్నానంనుంచి రాత్రి తొమ్మిదిదాకా చదరపు గుడ్డ, పట్టీ.
2. రాత్రికి రెండు డైపర్లు. మొదటిది పడుకునేటప్పుడు, రెండోది రాత్రి విరేచనం అయ్యాక. విరేచనం కాకపోతే ఒకటే.
3. తెల్లవారి డైపర్ తీశాక కాసేపు ఏమీ కట్టకుండా డ్రై షీటు మీద వదిలేయడం. దద్దురుకు దీనికి మించిన లేపనం మాకు కనిపించలేదు.
4. రోజూ జాడించి పిండి, జల్లెడ బుట్టలో గాలి తగిలేలా ఉంచి, మెషీన్ రెండు రోజులకోసారి. అంతకుమించి ఆపితే వాసన పడుతుంది.
5. వారానికోసారి 60 డిగ్రీల వేడి నీటిలో ఉతుకు. ముసురు రోజుల్లో ఆరిన గుడ్డకు ఇస్త్రీ పెట్టె ఒకసారి తిప్పడం.

జాడింపుకు 15 లీటర్లు, మెషీన్ 72లో సగం, కలిపి రోజుకు 51 లీటర్లు. డబ్బు: డైపర్లు 18, నీరు 9, డిటర్జెంట్ 4, కరెంటు 2, మొత్తం రోజుకు 33. గుడ్డ ఒక్కటే వాడినప్పటికన్నా తొమ్మిది రూపాయలు ఎక్కువ, నీరు సగం, రాత్రి దుప్పటి మార్పు లేదు.

ఇంకా తేలనివి రెండు. తెల్లవారుజామున ఒత్తిగిలి పడుకున్నప్పుడు డైపర్ నడుము దగ్గర కారుతోంది. పట్టీలు బిగించడం వల్ల తగ్గలేదు. పెట్టె మీద అయిదు కిలోలదాకా అని రాసినా, నాలుగు కిలోల ఎనిమిది వందలకే పట్టీలు మధ్యదాకా చేరడం లేదు, తొడ మీద గుర్తు అరగంటదాకా ఉంటోంది. ఇవి సైజు మార్చాలన్న సూచనలు, బరువు అంకె కాదు. చిన్న సైజు పెట్టె ఒకటి విప్పకుండానే మిగిలిపోయింది. పై ఫ్లాట్‌లో వచ్చే నెల కాన్పు ఉంది, వాళ్ళకు ఇచ్చేశాం. పసి సైజు ఒకేసారి రెండు పెట్టెలు కొనకండి.

రెండోది నీరు. జాడింపుకు పట్టే 15 లీటర్లలో మొదటి అయిదు తప్ప మిగతావి కొంచెం మురికివే. వాటిని మరుగుదొడ్డి కడగడానికి వాడుతున్నాం. మెషీన్ చివరి జాడింపు నీటిని పట్టి మరునాటి మొదటి జాడింపుకు వాడవచ్చా అని చూస్తున్నాను. నిన్నటి గిన్నె పరీక్షలో ఆ నీటిలో నురగ ఇంకా కనిపించింది, డిటర్జెంట్‌ను మరో పావు వంతు తగ్గించి మళ్ళీ చూడాలి.